ప్రహరీ గోడకి రాయి ఎంత తెప్పించాలి? నాలుగు ట్రాక్టర్లతో నేను చేసిన తప్పు లెక్క

ఇవాళ స్టూడియోలో లేను, మణికొండలో మా బాబాయ్ వాళ్ళ ఇంటి వెనక నిలబడి ఉన్నాను. నా వెనక ఈ రాతి గోడ కనిపిస్తోంది కదా? 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. కెమెరా కొంచెం దగ్గరికి తీసుకొస్తాను, జాగ్రత్తగా చూడండి. నేల నుంచి అడుగు పైదాకా రాయి లేత ఎరుపులో ఉంది. ఆ పైనంతా బూడిద రంగు. వచ్చినవాళ్ళు "భలే డిజైన్ చేయించారండీ" అంటారు. మా బాబాయ్ నన్ను చూసి నవ్వుతారు. ఎందుకంటే అది డిజైన్ కాదు, నా తప్పు లెక్క. ఎరుపు రాయి ఎక్కడ ఆగిందో అక్కడ నా లెక్క అయిపోయింది.

అప్పుడు నేను సివిల్ డిప్లొమా పూర్తిచేసి ఆరు నెలలు కూడా కాలేదు. బాబాయ్‌ది 200 గజాల ప్లాట్, 30 బై 60. ఒక పక్కన 60 అడుగుల గోడ కట్టాలి. ఇటుకతో కాకుండా రాయితోనే కట్టిద్దాం అనుకున్నారు. "ఒరేయ్, నువ్వు ఇంజినీర్‌వి కదా, రాయి ఎంత కావాలో చెప్పు" అన్నారు. నేను ఫోన్ తీసి, కాలిక్యులేటర్ ఓపెన్ చేసి, రెండు నిమిషాల్లో చెప్పేశాను: "నాలుగు ట్రాక్టర్లు చాలు బాబాయ్." నిజానికి దాదాపు ఎనిమిది కావాలి.

ఎక్కడ పొరపాటు పడ్డానో ఈ ఎపిసోడ్‌లో అదే గోడ మీద లెక్క చేసి చూపిస్తాను. అర్థమైతే మీకు ఏ రాతి గోడకైనా ఇదే దారి.

ముందు గోడ ఎంత?

మొదటి పని గోడ ఘనపరిమాణం. దీనిలో కష్టం ఏమీ లేదు. పొడవు, మందం, ఎత్తు గుణిస్తే చాలు. కానీ చాలామంది నేల మీద కనిపించే గోడే కొలుస్తారు, నేల కింద ఉన్నది మర్చిపోతారు. రాతి గోడకి పునాది కూడా రాయే.

మా గోడకి పునాది 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. దాని కింద కాంక్రీట్ బెడ్ వేశాం, అది వేరే లెక్క, దాన్ని ఇందులో కలపకండి. నేల పైన గోడ మందం 15 అంగుళాలు, అంటే 1.25 అడుగులు. ఎత్తు 5 అడుగులు.

పునాది: 60 × 2 × 2 = 240 సీఎఫ్టీ
పై గోడ: 60 × 1.25 × 5 = 375 సీఎఫ్టీ
మొత్తం: 615 సీఎఫ్టీ

సీఎఫ్టీ అంటే క్యూబిక్ ఫుట్, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న డబ్బా. మా గోడ అలాంటి 615 డబ్బాలు. చూడండి, 615లో 240 నేల కిందే ఉంది. అంటే మూడో వంతు కంటే ఎక్కువ మనకి కనిపించదు.

మీది మూల తిరిగే గోడ అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మూలలో ఉన్న ముక్క రెండు గోడలదీ. దాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ఒక గోడని పూర్తి పొడవు తీసుకుని, రెండో గోడ పొడవులోంచి మొదటి గోడ మందం తీసేస్తే సరిపోతుంది.

సందుల్లో మాలు ఎంత పడుతుంది?

ఇప్పుడు అసలు విషయం. ఇటుకలన్నీ ఒకే సైజు. రాయి అలా ఉండదు. ఒకటి త్రికోణంగా, ఒకటి పలకగా, ఒకటి గుండ్రంగా. ఇలా ఏ వరసా లేకుండా దొరికిన రాళ్ళని దొరికినట్టు అమర్చి కట్టేదాన్నే రాండమ్ రబుల్ అంటారు. ఎంత బాగా అమర్చినా రాయికీ రాయికీ మధ్య సందులు మిగులుతాయి. మేస్త్రీ పెద్ద సందుల్లో చిన్న రాతి ముక్కలు కొడతాడు, మిగిలిందంతా సిమెంట్ మాలుతో నింపుతాడు.

ఆ మాలు ఎంత? ఇలాంటి గోడలకి మన దగ్గర అంచనాల్లో 30 నుంచి 35 శాతం తీసుకుంటారు. నేను 33 శాతం తీసుకుంటాను. అంటే గోడలో మూడో వంతు మాలు, మూడింట రెండు వంతులు రాయి.

మాలు: 615 × 0.33 = 203 సీఎఫ్టీ
రాయి: 615 − 203 = 412 సీఎఫ్టీ

ఇక్కడిదాకా వచ్చి నేను ఆగిపోయాను. 412 అంటే దాదాపు 400, ట్రాక్టర్ ట్రాలీకి 100 పడుతుంది, కాబట్టి నాలుగు ట్రాక్టర్లు. ఫోన్ జేబులో పెట్టేశాను.

రాయి దిగిన రోజు మేస్త్రీ వచ్చాడు. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా రాతి పనే చేస్తున్న పెద్దాయన. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడకి కట్టిన దారం వైపు చూశాడు. "బిడ్డా, గీ రాయి పునాదికే అయిపోతది. పైకి లేస్తే అడుగు లేస్తది. మిగిలింది ఎప్పుడొస్తది?" అన్నాడు. నేను ఫోన్‌లో లెక్క చూపించాను. ఆయన ఫోన్ చూడలేదు. "సరే, కడతం తీ" అన్నాడు.

సరిగ్గా ఆయన చెప్పినట్టే అయింది. పునాది నిండింది, గోడ అడుగు పైన ఇంకొంచెం లేచింది, రాయి అయిపోయింది. మొదటి లోడ్ ఇచ్చిన చోట అదే రాయి దొరకలేదు. రెండు రోజులు మేస్త్రీ, కూలీలు ఖాళీగా కూర్చున్నారు, వాళ్ళ కూలి బాబాయ్ ఇచ్చారు. మిగతా నాలుగు ట్రాక్టర్లు ఇంకో క్వారీ నుంచి ఎక్కువ రేటుకి వచ్చాయి. రంగు కూడా మారింది. ఆ గీత అక్కడే ఉంది.

రెండు రకాల సందులు

నా లెక్కలో కూడికలు, తీసివేతలు అన్నీ కరెక్టే. గోడలో రాయి నిజంగా 412 సీఎఫ్టీయే. మరి తప్పెక్కడ?

ఆ 412 అనేది గట్టి రాయి. సందే లేని, అచ్చంగా రాయి. కానీ మనం కొనేది గట్టి రాయి కాదు, ట్రాలీలో పోసిన కుప్ప. కుప్పలో కూడా సందులు ఉంటాయి కదా! గోడలో సందుల్ని మాలు నింపింది. ట్రాలీలో సందుల్ని గాలి నింపింది. నేను గోడ లెక్కలో మాలుని తీసేశాను గానీ, ట్రాలీ లెక్కలో గాలిని తీయలేదు. నాలుగు ట్రాక్టర్ల రాయి అనుకుని కొన్నదాంట్లో ఒకటిన్నర ట్రాక్టర్ పైనే గాలి.

ఇంట్లోనే చూడొచ్చు. ఒక గిన్నె నిండా శనగలు పోయండి. గిన్నె నిండిపోయింది కదా? ఇప్పుడు నీళ్ళు పోయండి. ఇంకా బోలెడు నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు పట్టిన చోటంతా ఇంతకుముందు గాలే. రాతి ట్రాలీ కూడా అంతే.

క్వారీ నుంచి వచ్చే అంచులున్న రాయిని ట్రాలీలో చేత్తో సర్దితే సుమారుగా 40 శాతం గాలి ఉంటుంది. మెషిన్‌తో ఎత్తి పడేస్తే ఇంకా ఎక్కువ. గోడలో 33, కుప్పలో 40 ఎందుకు అంటే, గోడలో మేస్త్రీ ప్రతి రాయినీ తిప్పి చూసి కూర్చోబెడతాడు, సందులో ముక్కలు కొడతాడు. ట్రాలీలో ఆ పని ఎవరూ చేయరు.

ఇంకో చిన్న విషయం. వచ్చిన రాయి అంతా గోడలోకి వెళ్ళదు. సుత్తితో చెక్కినప్పుడు పొడి రాలుతుంది. కొన్ని రాళ్ళు పుచ్చిపోయి ఉంటాయి, కొడితే పొరలుగా ఊడతాయి. కొన్ని మరీ గుండ్రంగా ఉండి నిలబడవు. చెక్కినప్పుడు వచ్చే మంచి ముక్కలు సందుల్లోకి వెళ్తాయి కాబట్టి అవి నష్టం కాదు. నిజంగా పోయేది పదిలో ఒక వంతు అనుకోండి.

ఇప్పుడు లెక్క పూర్తిచేద్దాం.

గోడలో గట్టి రాయి: 412 సీఎఫ్టీ
కుప్పలో 60 శాతమే రాయి, కాబట్టి: 412 ÷ 0.60 = 687 సీఎఫ్టీ
పదిలో ఒక వంతు పోతుంది, కాబట్టి: 687 ÷ 0.90 = 763 సీఎఫ్టీ

615 సీఎఫ్టీ గోడకి 763 సీఎఫ్టీ కుప్ప. భాగించి చూడండి, 1.24 వస్తుంది. సైట్లలో పాతవాళ్ళు "గోడకి పావు కలిపి రాయి తెప్పించు" అంటారు, అంటే 1.25. అది గాల్లోంచి వచ్చింది కాదు, ఇదిగో ఇక్కడి నుంచే వచ్చింది. మాలు వల్ల మూడో వంతు తగ్గుతుంది, కుప్పలోని గాలి, చెక్కుడులో పోయేది కలిసి దాన్ని మళ్ళీ పైకి లేపి, గోడ కంటే పావు ఎక్కువకి తీసుకెళ్తాయి.

అందుకే ఎవరైనా "సందుల్లో మాలు పడుతుంది కదా, గోడ కంటే రాయి తక్కువే సరిపోతుంది" అంటే నమ్మకండి. గట్టి రాయి అయితే తక్కువే. కుప్ప అయితే ఎక్కువే.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి నా నాలుగు ట్రాక్టర్లు చూద్దాం. 400 కుప్పలో గట్టి రాయి 240. అందులో పదో వంతు పోతే 216. గోడలో 67 శాతం రాయి కాబట్టి, 216తో లేచే గోడ దాదాపు 322 సీఎఫ్టీ. పునాదికి 240 పోయింది, మిగిలింది 82. పై గోడ అడుగు ఎత్తుకి 75 సీఎఫ్టీ కావాలి. అంటే గోడ అడుగు పైన అంగుళం లేస్తుంది. గోడ మీద ఎరుపు రాయి ఎక్కడ ఆగిందో మళ్ళీ చూడండి. మేస్త్రీ కుప్ప చుట్టూ తిరిగి చెప్పింది ఇదే అంకె.

గాలి ఎంతో ధర్మకాటా చెప్తుంది

మీరు అడగొచ్చు, 40 శాతం అని నువ్వు అంటున్నావు, మా ట్రాక్టర్‌లో 50 ఉంటే? మంచి ప్రశ్న. ట్రాలీ మీద చూస్తే తెలియదు, తూకం వేస్తే తెలుస్తుంది.

మన హైదరాబాద్ రాయి గ్రానైట్. మణికొండ, ఖాజాగూడ, పుప్పాలగూడ వైపు మీరు చూసే గుట్టలన్నీ అదే. గ్రానైట్ గట్టి ముక్క ఒక సీఎఫ్టీ సుమారు 75 కిలోలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

ముందు ట్రాలీ లోపల టేప్ పెట్టి కొలవండి. డ్రైవర్ "నూరు ఫీట్ల బండి" అంటాడు. లోపల 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే అది 90 మాత్రమే. అక్కడే పది పోయింది. రాయి ట్రాలీ అంచుకి సమంగా ఉందా, లోపలికి దిగి ఉందా అన్నది కూడా చూడండి.

తర్వాత ధర్మకాటా మీద నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు తీసుకోండి. తేడా రాయి బరువు. మన 90 ఫీట్ల ట్రాలీలో 4,050 కిలోలు వచ్చింది అనుకుందాం. 4,050ని 90తో భాగిస్తే సీఎఫ్టీకి 45 కిలోలు. గట్టి రాయి 75 ఉండాలి, ఇక్కడ 45 ఉంది. 45 ÷ 75 అంటే 0.60. అంటే 60 శాతం రాయి, 40 శాతం గాలి. మన లెక్క సరిపోయింది. 763ని 90తో భాగిస్తే ఎనిమిదిన్నర బండ్లు.

అదే ట్రాలీలో 3,375 కిలోలే వస్తే? సీఎఫ్టీకి 37.5 కిలోలు, అంటే సగం రాయి, సగం గాలి. అప్పుడు కావాల్సిన కుప్ప 412 ÷ 0.50 ÷ 0.90 = 916 సీఎఫ్టీ. పది బండ్లు పైనే. గోడ అదే, రాయి అదే, కానీ మీరు ఇంకా రెండు బండ్లకి దగ్గరగా డబ్బు కడుతున్నారు. బండి లెక్కన కొన్నప్పుడు రాయి ఎలా నింపారు అన్నదే మీ ఖర్చు.

అందుకని వీలైతే టన్నుల లెక్కన మాట్లాడుకోండి. గాలికి బరువు లేదు కాబట్టి టన్నుల్లో ఆ గొడవే రాదు. 412 × 75 = 30,900 కిలోలు. పదో వంతు పోయేది చూసుకుంటే 30,900 ÷ 0.90, అంటే 34 టన్నుల పైన కొంచెం. మా గోడకి 34 నుంచి 35 టన్నులు. ఎన్ని బండ్లలో వచ్చినా మనకి అనవసరం.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. బండి అడుగున మొరం, మట్టి ఉంటే తూకం బాగానే కనిపిస్తుంది, సందులు కూడా నిండినట్టు ఉంటాయి. కానీ మీరు మట్టి కొన్నట్టు. సీఎఫ్టీకి 55, 60 కిలోలు వస్తే సంతోషపడకండి, బండి దింపేటప్పుడు పక్కన నిలబడి కింద ఏం పడుతుందో చూడండి.

సొంత ప్లాట్‌లోనే రాయి ఉంటే

మణికొండలో ఇల్లు కట్టేవాళ్ళకి ఇది చాలాసార్లు ఎదురవుతుంది. పునాది తవ్వుతుంటే నాలుగు అడుగుల్లో బండ తగులుతుంది. దాన్ని ఎలాగూ పగలగొట్టి తీయాలి. ఆ రాయినే ప్రహరీకి వాడుకోవచ్చు. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

నేలలో ఉన్న బండ గట్టి రాయి. అందులో గాలి లేదు. కాబట్టి గుంటలో బండ ఉన్నంత మేర కొలిస్తే అది నేరుగా 412తో పోల్చాల్సిన అంకె, 763తో కాదు. 458 సీఎఫ్టీ మంచి బండ గుంటలోంచి వస్తే, పదో వంతు పోయినా మా గోడ మొత్తానికి సరిపోతుంది. బయట కుప్ప పోశాక అదే 763 అవుతుంది. చూసేవాళ్ళకి "ఇంత గుంటలోంచి ఇంత రాయి ఎలా వచ్చింది" అనిపిస్తుంది. రాయి పెరగలేదు, మధ్యలో గాలి చేరింది.

అయితే గుంటలోది అంతా మంచి రాయి అనుకోవద్దు. పైన ఉండే మెత్తటి పొర, పగిలి చిన్న చిన్న ముక్కలైనది గోడకి పనికిరాదు. సుత్తితో కొట్టి చూడండి. మంచి రాయి ఖంగుమంటుంది, పుచ్చు రాయి దబ్బుమంటుంది. పుచ్చు ఎక్కువ ఉంటే పదో వంతు కాదు, నాలుగో వంతు పోతుందని రాసుకోండి.

మాలు తక్కువ పట్టిందంటే సంతోషించాలా?

మాలు 33 శాతం అని మనం లెక్క వేశాం. పని మొదలయ్యాక ఆ అంకె నిజమో కాదో చూసుకోవాలి. ఎందుకంటే గోడ లోపల ఏం జరుగుతోందో బయటికి తెలిసేది దాని ద్వారానే.

ఒకటికి ఆరు మాలులో, మా గోడకి 203 సీఎఫ్టీ మాలు కావాలంటే సిమెంట్ దాదాపు 30 బస్తాలు. 615ని 30తో భాగిస్తే, ఒక బస్తాకి సుమారు 20 సీఎఫ్టీ గోడ లేవాలి. సాయంత్రం ఖాళీ బస్తాలు లెక్కపెట్టండి, ఆ రోజు లేచిన గోడ కొలవండి. బస్తాకి 18, 20, 22 వస్తే బాగుంది.

బస్తాకి 35 వచ్చిందనుకోండి. "అబ్బ, సిమెంట్ మిగిలింది" అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, రాళ్ళ మధ్య సందులు ఎక్కడికీ పోలేదు. మాలు పడలేదంటే ఆ సందుల్లో ఇంకా గాలే ఉంది. లేదంటే ఇసుక ఎక్కువ కలుపుతున్నారు. సాధారణంగా జరిగేది ఏంటంటే, ముందు వైపు, వెనక వైపు రాళ్ళు చక్కగా పేర్చి మాలు పెడతారు, మధ్యలో పొడి ముక్కలు పోసి పైన పల్చగా మాలు రాస్తారు. బయట నుంచి చూస్తే గోడ అద్దంలా ఉంటుంది. లోపల అది రెండు పల్చటి గోడలు.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఆ రోజు కట్టిన వరస మీద, మాలు గట్టిపడ్డాక, మర్నాడు ఒక చెంబు నీళ్ళు పోయండి. నీళ్ళు పైనే నిలబడి మెల్లగా ఇంకితే లోపల నిండింది. పోసినవి పోసినట్టు గుటుక్కున లోపలికి పోతే లోపల బోలు ఉంది. అప్పుడే ఆ వరస విప్పించి మళ్ళీ కట్టించండి. ఐదు అడుగులు లేచాక చెప్పి లాభం లేదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. బస్తాకి 13, 14 సీఎఫ్టీయే లేస్తే మాలు 45, 50 శాతం పడుతోందని అర్థం. మేస్త్రీ రాయిని తిప్పి చూడకుండా, ముక్కలు కొట్టకుండా, సందు కనిపిస్తే మాలు కుమ్మరిస్తున్నాడు. గోడ నిండుతుంది, పడదు. కానీ మీరు రాయి ఉండాల్సిన చోట సిమెంట్ కొంటున్నారు. చివర్లో రాయి కుప్ప మిగిలిపోతుంది, సిమెంట్ మాత్రం మళ్ళీ తెప్పించాలి.

సందు ఎంత తగ్గితే మాలు అంత తగ్గుతుంది, అది నిజాయితీగా తగ్గించే దారి మాత్రం రాయిని చెక్కడమే. ఇక్కడి నుంచి గోల్కొండ కోట దగ్గరే. ఈసారి వెళ్ళినప్పుడు ఫోటోలు అయిపోయాక గోడ దగ్గరికి వెళ్ళి చూడండి. పెద్ద పెద్ద గ్రానైట్ బండల్ని ఒకదాని అంచుకి ఇంకోటి సరిపోయేలా చెక్కి కూర్చోబెట్టిన చోట్ల సందు ఎంత సన్నగా ఉందో. అక్కడ 33 శాతం లెక్క పనిచేయదు. అక్కడ మాలు బదులు మనిషి శ్రమ పోశారు. మన రాండమ్ రబుల్‌లో శ్రమ తక్కువ, మాలు ఎక్కువ.

ఇంకొకటి, రాయి ఆర్డర్ చెప్పేటప్పుడే గోడ మందం అంత పొడవు ఉన్న రాళ్ళు కొన్ని వేరుగా అడగండి. మా గోడకి 15 అంగుళాలవి. వాటిని ముందు నుంచి వెనక దాకా అడ్డంగా పెడితే రెండు ముఖాల్నీ పట్టి ఉంచుతాయి. త్రూ స్టోన్స్ అంటారు. ప్రతి వరసలో ఐదారు అడుగులకి ఒకటి, కింది వరసలో ఉన్న దాని మీదే పడకుండా పక్కకి జరిపి పెట్టించండి. కుప్పలో అలాంటివి లేకపోతే మేస్త్రీ చిన్నవాటితో సర్దేస్తాడు, తర్వాత ఎవరికీ కనిపించదు.

ఈ లెక్క ఎక్కడ పనికిరాదు

చివరిగా ఒక హద్దు చెప్పి ముగిస్తాను. నేను చెప్పిందంతా రెండు పక్కలా నేల సమానంగా ఉన్న ప్రహరీ గోడకి. మణికొండ అంతా ఎత్తుపల్లాలు. మీ ప్లాట్ పల్లంలో ఉండి, పక్క ప్లాట్ నాలుగు అడుగులు ఎత్తులో ఉంటే, మీ గోడ ఇక ప్రహరీ కాదు. అది మట్టిని ఆపే గోడ. వానలో ఆ మట్టి నానితే బరువు పెరుగుతుంది, వెనక నీళ్ళు నిలిస్తే తోస్తుంది. 15 అంగుళాల గోడ దానికి నిలబడదు. 2020 అక్టోబర్ వానల్లో బండ్లగూడ దగ్గర గుట్ట వాలులో ప్రహరీ గోడ ఇళ్ళ మీద కూలి, ఇంట్లో ఉన్న మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి చోట మందం ఎంత, పునాది ఎంత, నీళ్ళు పోయే రంధ్రాలు ఎక్కడ అన్నది స్ట్రక్చరల్ ఇంజినీర్ తేల్చాలి. ఆయన కొలతలు ఇచ్చాక, రాయి ఎంత అన్న లెక్క మాత్రం మళ్ళీ ఇదే: గోడ కొలువు, మాలు తీసెయ్, కుప్పలో గాలి కలుపు, పోయేది కలుపు.

మా మేస్త్రీ ఇప్పటికీ పని చేస్తున్నాడు. ఈ వీడియో తీయడానికి ముందు ఫోన్ చేశాను. "పెద్దాయనా, ఆ రోజు రాయి చాలదని చూడగానే ఎట్లా చెప్పావ్?" అని అడిగాను. "కుప్ప చూస్తే తెలుస్తది బిడ్డా. కుప్ప గోడ కన్నా పెద్దగ కనబడాలె. చిన్నగ కనబడ్డదంటే చాలదు" అన్నాడు. నేను ఇరవై నిమిషాలు చెప్పింది ఆయనకి ఒక్క మాట.

మీ గోడ పొడవు, మందం, ఎత్తు, పునాది ఒక కాగితం మీద రాసుకుని, ఫోన్ కాలిక్యులేటర్‌లో ఒకసారి వేసి చూడండి. చివరి అంకె గోడ కంటే పావు వంతు ఎక్కువకి దగ్గరగా రాకపోతే, ట్రాక్టర్‌కి ఫోన్ చేసేముందు మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. నేను చూసుకోలేదు. ఆ గీత ఇదిగో, నా వెనకే ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.